ఇంకో 12 రోజుల్లో నాలుగింటికి లేవాలి, ఎనిమిదింటికి పడుకుంటే నిద్ర పట్టట్లేదు

చివరిస్టాపు
అందరికీ నమస్కారం. ఇంకో 12 రోజుల్లో కొత్త ఉద్యోగంలో చేరాలి. షిఫ్టు ఉదయం 6:30 నుంచి మధ్యాహ్నం 3 వరకు. ఆఫీసు నగరానికి ఆ చివర, మా ఇల్లు ఈ చివర. 4:40కి ఇంట్లోంచి బయటపడితే 4:50కి మొదటి బస్సు దొరుకుతుంది, అక్కణ్ణుంచి మెట్రో, దిగాక ఇంకో పావుగంట నడక. ఆ బస్సు తప్పితే తర్వాతది 5:20కి, అదెక్కితే టైముకి చేరే మాటే లేదు. తిరిగి ఇంటికి వచ్చేసరికి ట్రాఫిక్‌లో 5:30 అవుతుంది. ఎటు లెక్కేసినా 4కి లేవాల్సిందే.

సమస్యేంటంటే నేను ఇన్నాళ్లూ రాత్రి 11:45కి పడుకుని 7:15కి లేచేవాణ్ణి. అలవాటు చేసుకుందామని మొన్న ట్రయల్ వేశా. ఎనిమిదింటికల్లా లైట్లు ఆర్పేసి పడుకున్నా. తొమ్మిదైంది, పదైంది, పక్క మీద దొర్లడమే. చివరిసారి ఫోన్ చూసినప్పుడు 12:10. నాలుగింటికి అలారం మోగితే పట్టుదలగా లేచి ఇల్లంతా లైట్లు వేసుకుని కూర్చున్నా. సాయంత్రం పాత ఆఫీసు నుంచి వస్తూ బస్సులో గంటసేపు ఒళ్లు తెలియకుండా నిద్రపోయి, దిగాల్సిన స్టాపు దాటిపోయా. ఆ రాత్రి మళ్లీ ఒంటిగంట దాకా కళ్లు మూతపడలేదు. ఇది నా వల్ల అయ్యే పనేనా అని టెన్షన్ పట్టుకుంది. ఇలా తెల్లవారుజామున బయల్దేరేవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా సర్దుకున్నారో చెప్పండి.

గట్టిపిండం
బ్రో, ఒక్క రోజుకే బెదిరిపోతే ఎలా? నిద్ర సుఖమెరగదని ఊరికే అనలేదు, నాలుగు రోజులు వరసగా నాలుగింటికి లేస్తే ఐదో రోజు ఎనిమిదింటికి అదే పడిపోతావు. ఇంకో మాట, ఎనిమిదింటికి పడుకోవాల్సిన పనే లేదు. నిద్ర గంటన్నర చొప్పున చక్రాలుగా నడుస్తుంది. పదింటికి పడుకుంటే నాలుగింటికి సరిగ్గా నాలుగు చక్రాలు పూర్తవుతాయి, చక్రం చివర్లో లేస్తావు కాబట్టి ఫ్రెష్‌గా ఉంటుంది. ఆరు గంటలు చాలు. నేను అలాగే లాగిస్తున్నా.

నిశాచరుడు
నాదీ ఇదే షిఫ్టు అన్నా, మూడేళ్లయింది. ముందు కిటికీలకి మందపాటి నల్ల కర్టెన్లు వేయించు, సూది మొన అంత వెలుతురు కూడా లోపలికి రాకూడదు. పొద్దున ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకో, లేకపోతే ఎండ మొహాన కొట్టి ఉన్న నిద్ర కాస్తా ఎగిరిపోతుంది. కాలింగ్ బెల్ తీసేయ్. నాలుగింటికి లేచాక గంట దాకా మనిషివి కాలేవు, దానికి సిద్ధంగా ఉండు.

చివరిస్టాపు
@నిశాచరుడు అన్నా, నాది తెల్లవారుజాము నాలుగు.

నిశాచరుడు
అయ్యో. నాకు నాలుగంటే సాయంత్రం నాలుగే, బుర్ర అలా సెట్ అయిపోయింది. కర్టెన్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను, ఎండాకాలంలో ఎనిమిదింటికి బయట ఇంకా సందడే కదా, పనికొస్తాయి.

వైర్లక్క
నేను నిద్ర పరీక్షలు చేసే ల్యాబులో టెక్నీషియన్‌ని. రాత్రంతా మనుషుల తలలకి వైర్లు అతికించి, పక్క గదిలో స్క్రీన్ చూస్తూ కూర్చోవడమే నా పని. డాక్టర్ని కాదు, అది ముందే చెప్తున్నా.

చివరిస్టాపు గారూ, మీకు ఎనిమిదింటికి నిద్ర పట్టకపోవడంలో మీ తప్పేం లేదు, మీరు ఎంచుకున్న టైమే తప్పు. మామూలుగా మనం పడుకునే వేళకి ముందు రెండు మూడు గంటలు ఉంటాయే, అవి రోజు మొత్తంలో నిద్ర పట్టడానికి అత్యంత కష్టమైన గంటలు. పొద్దుట్నుంచి అలసట పేరుకుపోతూ ఉంటుంది కదా, దానికి ఎదురుగా ఒంట్లో ఉన్న గడియారం ఆ సమయంలోనే మెలకువని గట్టిగా పట్టి ఉంచుతుంది. లేకపోతే సాయంత్రానికే అందరం కూలబడిపోయేవాళ్లం. మీరు 11:45 మనిషి. ఎనిమిదికీ పదిన్నరకీ మధ్య మీకు తలుపు మూసి ఉంటుంది. ల్యాబులో ఇది రోజూ చూస్తాను. పన్నెండింటికి పడుకునే అలవాటున్న మనిషిని మా సౌకర్యం కోసం తొమ్మిదిన్నరకి పడుకోబెడతాం, కళ్లు మూసుకుని కదలకుండా బుద్ధిగా ఉంటారు, స్క్రీన్ మీద మాత్రం మెలకువ గీతలే పోతూ ఉంటాయి. పదకొండు దాటాక గీతలు మారతాయి.

కాబట్టి రాత్రి వైపు నుంచి లాగొద్దు, పొద్దున వైపు నుంచి లాగండి. పడుకోవడం మన చేతిలో లేదు, లేవడం ఉంది.

మీకు 12 రోజులున్నాయి, 3 గంటల 15 నిమిషాలు ముందుకి జరగాలి. రెండు రోజులకి అరగంట చొప్పున జరపండి. రేపూ ఎల్లుండీ 6:45కి అలారం. తర్వాత రెండు రోజులు 6:15. తర్వాత 5:45, 5:15, 4:45, ఆఖరి రెండు రోజులు 4:15. ఉద్యోగంలో చేరే రోజు 4. పడుకోవడం కూడా అదే లెక్కన 11:15, 10:45 అంటూ వెనకే వస్తుంది, కానీ అది వచ్చినప్పుడు రానివ్వండి, ముందే వెళ్లి మంచం మీద కాపలా కాయొద్దు. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే లేచి వేరే గదిలో చిన్న వెలుతురులో కూర్చుని, ఆవులింతలొచ్చాక మళ్లీ వెళ్లండి. గడియారం మాత్రం చూడొద్దు. మీరు 12:10 అని నిమిషాలతో సహా చెప్పారంటేనే ఎన్నిసార్లు చూశారో అర్థమవుతోంది.

చివరిస్టాపు
అక్కా, చాలా థాంక్స్. కానీ మొన్న నాలుగింటికి లేచిన రోజు రాత్రి ఇంకా లేటుగా, ఒంటిగంటకి పట్టింది. పొద్దున్నే లేస్తే రాత్రి త్వరగా రావాలి కదా, రివర్స్ ఎందుకైంది?

వైర్లక్క
రెండు కారణాలు. ఒకటి బస్సులో గంట నిద్ర, దాని సంగతి అందరికీ తెలిసిందే. రెండోది చాలామందికి తెలియదు. మీరు నాలుగింటికి లేచి ఇల్లంతా లైట్లు వేశానన్నారు చూడండి, అది.

వెలుతురు ఒంటి గడియారాన్ని ఎటు తిప్పుతుందన్నది అది ఏ వేళకి పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. రాత్రి నిద్రలో ఒళ్లు చల్లబడుతూ ఒక చోట అట్టడుగుకి చేరి, అక్కణ్ణుంచి మళ్లీ వేడెక్కడం మొదలవుతుంది. ఆ అట్టడుగు పాయింటు సుమారుగా మనం మామూలుగా లేచే టైముకి రెండు మూడు గంటల ముందు ఉంటుంది. మీరు 7:15కి లేచేవారు కాబట్టి మీకది 4:45 ప్రాంతం. దాని తర్వాత వెలుతురు పడితే గడియారం ముందుకి జరుగుతుంది, రాత్రి త్వరగా నిద్ర వస్తుంది. దానికి ముందు పడితే ఒళ్లు దాన్ని ‘ఇంకా సాయంత్రమే కాబోలు’ అనుకుని వెనక్కి జరుగుతుంది. మీరు సరిగ్గా తప్పు వైపు వేశారు లైట్లు. ఒక్క రోజుకి పెద్ద తేడా రాదు, కానీ గట్టిపిండం గారు చెప్పినట్టు నాలుగు రోజులు పట్టుబట్టి చేస్తే మొదటి కొన్ని రోజులు ఎదురీతే.

అందుకే రెండేసి రోజులకి అరగంట. 6:45కి లేచి వెంటనే బయట వెలుతురులోకి వెళితే మీరు ఆ పాయింటు దాటి ఉంటారు, వెలుతురు మీ పక్షాన పని చేస్తుంది. మీరు జరిగే కొద్దీ ఆ పాయింటు కూడా మీతో పాటు ముందుకి జరుగుతుంది. చివరికి నాలుగింటికి లేచే మనిషికి అది ఒకటిన్నర దగ్గర ఉంటుంది. అప్పుడు మీరు నాలుగింటికి ఎన్ని లైట్లు వేసుకున్నా నష్టం లేదు.

ఇంకో సంగతి. చాలామందికి ఒంటి గడియారం 24 గంటల కంటే కాస్త పొడుగ్గా ఉంటుంది. అందుకే లేటుగా పడుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు, దానంతటదే వచ్చేస్తుంది. ముందుగా పడుకోవడమే కష్టం.

గట్టిపిండం
@వైర్లక్క మేడమ్, పాయింటు బావుంది గానీ గంటన్నర చక్రాలు అబద్ధమంటారా? మరి నాకు ఆరు గంటలకే మెలకువ వచ్చి బాగానే ఉంటుందే.

వైర్లక్క
చక్రాలు నిజమే. గంటన్నర అన్నది సగటు. ఒకే మనిషికి ఒకే రాత్రిలో ఒకటి డెబ్బై నిమిషాలు, ఇంకోటి రెండు గంటలకి దగ్గరగా పోవడం నేను స్క్రీన్ మీద చూస్తూనే ఉంటాను. అలారంతో దాన్ని గురి చూసి కొట్టలేం. పైగా అన్ని చక్రాలూ ఒకలా ఉండవు. గాఢనిద్ర ఎక్కువ భాగం మొదటి సగంలో వస్తుంది, కలలొచ్చే నిద్ర ఎక్కువగా చివరి గంటల్లో. ఆరు గంటలకి కోసేస్తే పోయేది అన్నింట్లోంచీ కొంచెం కొంచెం కాదు, ఆ చివరి ముక్క దాదాపు మొత్తం.

మీకు ఆరు గంటలు నిజంగా సరిపోతుందేమో, అలాంటివాళ్లు కొద్దిమంది ఉంటారు. ఒక్కటి చెప్పండి, ఆదివారం ఎన్నింటికి లేస్తారు?

గట్టిపిండం
ఆదివారం లెక్కలోకి రాదు మేడమ్, అది రెస్టు.

పదకొండు.

వైర్లక్క
😀 అర్థమైంది.

రెండుచక్రాలు
ఈ ఆరు గంటల బ్యాచ్‌లో నేనూ ఉండేవాణ్ణి, అందుకే రాస్తున్నా. ఇంటి నుంచి పనికి 38 కిలోమీటర్లు, బైకు మీద. రాత్రి పదిన్నరకి పడుకుని నాలుగింటికి లేచేవాణ్ణి, రోజుకి ఐదున్నర గంటలు, ఎనిమిది నెలలు. నాకేం తెలియలేదు, అదే విచిత్రం. నిద్ర వస్తున్నట్టు కూడా అనిపించేది కాదు. ఒకరోజు పొద్దున ఫ్లైఓవర్ దిగాక సిగ్నల్ దగ్గర ఆగా, కాలు కింద పెట్టా, అంతే. వెనక హారన్లు మోగుతుంటే కళ్లు తెరిచా. హెల్మెట్ అద్దం లోపల ఊపిరికి ఆవిరి పట్టేసి ఉంది. సిగ్నల్ ఎప్పుడు పచ్చగా మారిందో, నేను ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఆ ఫ్లైఓవర్ ఎక్కిన సంగతి కూడా గుర్తు లేదు. ఆగి ఉన్నప్పుడు వచ్చింది కాబట్టి ఇవాళ టైప్ చేస్తున్నా, అర నిమిషం ముందు వచ్చి ఉంటే?

తర్వాత ఆలోచిస్తే గుర్తులు ముందు నుంచే ఉన్నాయి. తెలిసిన మలుపు దాటిపోవడం, రెండు నిమిషాల దారి అసలు గుర్తు లేకపోవడం, ఊరికే లేన్ పక్కకి జరిగిపోవడం, ఒకటే ఆవులింతలు. మొహానికి గాలి తగిలితే నిద్ర పోతుందనుకునేవాణ్ణి, పోదు, గాలికి రెప్పలు తెరుచుకుంటాయంతే. చివరిస్టాపు అన్నా, నీకు బస్సూ మెట్రో ఉన్నాయి, అదృష్టవంతుడివి. మొదటి నెల మాత్రం ఎవరు ఏం చెప్పినా బండి తీయకు.

వైర్లక్క
ఈ పోస్టు అందరూ చదవాలి. నిద్ర తక్కువైనవాళ్లకి తాము ఎంత మందగించామో తెలియదు, కొన్ని రోజులకి ‘అలవాటైపోయింది’ అంటారు, పరీక్ష పెడితే స్పందన మాత్రం రోజురోజుకీ తగ్గుతూనే ఉంటుంది. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి దిగుతుందని పరీక్షల్లో తేలింది. నాలుగింటికి లేచినవాళ్లకి 17 గంటలు రాత్రి తొమ్మిదికే నిండిపోతాయి. ఏదో ఫంక్షన్‌కి వెళ్లి పదింటికి బండి మీద తిరిగొస్తున్నప్పుడు ఆ లెక్క గుర్తుంచుకోవాలి. ఊళ్లో మిగతావాళ్లకి పది అంటే పెందలాడే, మీకు అది అర్ధరాత్రి.

పిల్లలకోడి
అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఇంట్లో వాళ్ల సంగతి ఎవరూ మాట్లాడలేదు. మా ఆయనది ఇదే టైము, నాలుగేళ్లుగా. తొమ్మిదింటికి ఆయన పడుకోవాలంటే ఇల్లు మొత్తం పడుకోవాలి, మాకు ఇద్దరు పిల్లలు, చిన్నది పదింటి దాకా గెంతుతూనే ఉంటుంది. మొదటి నెల రోజూ గొడవే. చివరికి చేసిందేంటంటే ఆయన మంచం వెనక గదిలోకి మార్చాం, ఫ్యాను కాస్త చప్పుడు చేసేది అక్కడ పెట్టాం, ఆ హోరులో ముందు గది మాటలు వినపడవు. కొత్త ఫ్యాను కొందామంటే ఆయనే వద్దంటున్నాడు.

పొద్దున అలారం ఇంకో తలనొప్పి. ఆయన ఒక్కడు లేవడానికి నలుగురం లేచేవాళ్లం, పైగా ఐదు నిమిషాలకొకటి చొప్పున మూడు అలారాలు. ఇప్పుడు చేతికి కట్టుకునేది వణికేది కొన్నాం, చప్పుడు లేదు.

నిమిషాల లెక్క కూడా చెప్తా. మొదట్లో ఆయన 3:40కి లేచేవాడు. ఒకరోజు నేనూ లేచి కూర్చుని చూశా ఏం చేస్తున్నాడో. సాక్సులు వెతకడానికి, చీకట్లో ఫోన్ టార్చితో చొక్కా ఎంచుకోవడానికి, తాళాలకి, మళ్లీ వెనక్కొచ్చి పాస్ తీసుకోవడానికి, అన్నీ కలిపి ఇరవై నిమిషాలు. ఇప్పుడు రాత్రే బట్టలు స్నానాల గది తలుపు వెనక తగిలించి, తాళాలు, పాస్, ఇయర్‌ఫోన్లు బూటులో పడేస్తాం. నవ్వకండి, బూటు వేసుకోకుండా ఎవరూ వెళ్లరు కదా. ఆ ఇరవై నిమిషాలూ నిద్రలో కలిశాయి.

చివరిస్టాపు
బూటు ఐడియా అదిరింది అక్కా. మా ఇంట్లో కూడా బాబుని తొమ్మిదిన్నరకి పడుకోబెడతారు, ఆ సమస్య నాకు రాబోతోంది.

వైర్లక్కా, ఇంకో రెండు డౌట్లు. బస్సులో మెట్రోలో కలిపి రోజుకి మూడు గంటలు కూర్చుంటాను కదా, అందులో పడుకుని రాత్రి తక్కువ పడుకుంటే కుదరదా? రెండోది కాఫీ. నాకు సాయంత్రం నాలుగింటికి ఒకటి పడాలి.

వైర్లక్క
పొద్దున బస్సులో కళ్లు మూసుకోవడానికి అడ్డేం లేదు, అది రాత్రి నిద్రకి తోక లాంటిది. సాయంత్రం బస్సుతోనే చిక్కు. మూడున్నరకి ఎక్కి గంట పడుకున్నారనుకోండి, తొమ్మిదింటి కోసం పొద్దుట్నుంచి కూడబెట్టిన నిద్రలో పెద్ద ముక్క అక్కడే ఖర్చయిపోతుంది. అంతగా ఆగలేకపోతే ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకుని కునుకు తీయండి, అంతకంటే పొడుగైతే గాఢనిద్రలోకి జారతారు, లేపినప్పుడు పావుగంట, అరగంట దాకా మత్తు వదలదు. కునుక్కి మంచి వేళ మధ్యాహ్నం ఒకటి రెండు మధ్య, మీ ఆఫీసులో విరామం ఉంటే.

కాఫీ లెక్క తేలిక. తాగిన కెఫీన్ సగానికి తగ్గడానికి చాలామందికి దాదాపు ఐదు గంటలు పడుతుంది, మనిషి మనిషికీ తేడా ఉంటుంది. నాలుగింటికి తాగిన కప్పులో సగం తొమ్మిదింటికి కూడా ఒంట్లో ఉంటుంది. మీ కొత్త రోజుకి తగ్గట్టు ఆఖరి కప్పుని కూడా జరపాలి, పాత నాలుగు గంటలంటే ఇప్పుడు మధ్యాహ్నం 12:45.

మెట్రోలోమనిషి
సాయంత్రం కునుకు విషయంలో ఒప్పుకోను. ఆరేళ్లుగా నాది తెల్లవారుజాము ప్రయాణం. తిరుగు రైల్లో ముప్పావుగంట పడుకోకపోతే ఇంటికెళ్లి పిల్లల మీద అరుస్తాను. ఆ నిద్ర వల్లే సాయంత్రం మనిషిలా ఉంటాను, రాత్రి 9:45కి పడుకుంటాను, ఆరుంపావు గంటలు వస్తుంది, ముప్పావు కలిపితే ఏడు. లెక్క సరిపోయింది కదా.

వైర్లక్క
మీకు రాత్రి పడుకోగానే పట్టేస్తుంటే, పగలు ఎక్కడపడితే అక్కడ తూగు రాకుంటే, నేను కాదనను. రెండు ముక్కలుగా పడుకుని బాగానే ఉన్నవాళ్లున్నారు. కానీ గడియారం ఇంకా జరుగుతున్న మనిషి ఆ పన్నెండు రోజుల్లో అలా చేస్తే దారి తప్పుతాడు. కుదురుకున్నాక ఆయనిష్టం.

మెట్రోలోమనిషి
సరే, ఆ పన్నెండు రోజుల వరకు ఒప్పుకుంటా. తర్వాత మళ్లీ వాదిస్తా.

గట్టిపిండం
మెలటోనిన్ బిళ్ల వేసుకుంటే ఒక్క దెబ్బకి పని అయిపోదా?

వైర్లక్క
అది నిద్రమాత్ర కాదు. ఒంటికి చీకటి పడిందని చెప్పే కబురు. ఎంత డోసు అన్నదాని కంటే ఏ వేళకి వేసుకున్నారన్నదే ముఖ్యం, గడియారం జరగాలంటే పడుకునే ముందు కాదు, దానికి కొన్ని గంటల ముందు. వేళ తప్పితే ఎటో జరుగుతుంది. వేరే మందులు వాడుతుంటే ఇంకా జాగ్రత్త. డాక్టర్ని అడగండి, ఇక్కడ కాదు. సాయంత్రం దీపాలు తగ్గించడం దాదాపు ఇదే కబురు చెప్తుంది, ఖర్చు లేదు.

చివరిస్టాపు (ఆరో రోజు)
అప్‌డేట్ ఇద్దామని వచ్చా. మొదటి నాలుగు రోజులు ఏమంత కష్టం కాలేదు. 6:45కి, తర్వాత 6:15కి లేచి వెంటనే డాబా మీదకి వెళ్లి అరగంట అటూ ఇటూ నడిచా. నాలుగో రాత్రి పదిన్నరకే ఆవులింతలు, 10:50కి పడుకుంటే ఎప్పుడు పట్టిందో తెలియదు. ఐదో రోజు 5:45, అదీ ఓకే. 

నిన్న రాత్రి చెడింది. 10:15కి పడుకోవాలి, 11:40 దాకా పట్టలేదు. ఏం తేడా జరిగిందా అని వెనక్కి ఆలోచించా. కాఫీ లేదు, కునుకు లేదు. సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా సూపర్‌మార్కెట్‌లో ఉన్నాం, నెల సామాన్లు. అక్కడ పైనంతా తెల్లటి ట్యూబులు, ఇంట్లో నేను పసుప్పచ్చ బల్బు ఒక్కటే వేసుకుంటున్నానని గొప్పలు పోతూ, రెండు గంటలు వాటి కింద బండి తోసుకుంటూ తిరిగా. అదేనా?

వైర్లక్క
అయ్యుండొచ్చు. ఖచ్చితంగా అదేనని చెప్పలేను, ఒక్క రాత్రి ఏ కారణానికైనా చెడుతుంది. కానీ మీరిప్పుడు 10:15 మనిషి, మీకు ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర అంటే పాత లెక్కలో తొమ్మిది నుంచి పదకొండు. ఆ వేళలో గట్టి తెల్ల వెలుతురు పడితే గడియారం వెనక్కే లాగుతుంది. 

అలారం మాత్రం వెనక్కి జరపొద్దు. పొద్దున 5:45కే లేవండి. రేపు 5:15కి వెళ్లకుండా ఇంకో రోజు 5:45 దగ్గరే ఆగండి. తర్వాత ఆఖర్లో 4:15 ఒక్క రోజే ఉంచుకుంటే లెక్క సరిపోతుంది.

నిశాచరుడు
మా షిఫ్టు వాళ్లం రాత్రి మెలకువగా ఉండటానికి ఇవే తెల్ల లైట్ల కింద కూర్చుంటాం. మీకు విషం, మాకు మందు.

పిల్లలకోడి
సామాన్లు శనివారం పొద్దున్నే తెచ్చుకోండి, ఎలాగూ మీరు లేచే ఉంటారు, షాపులో జనం కూడా ఉండరు.

చివరిస్టాపు (పన్నెండో రోజు)
రేపే చేరేది. ఇవాళ 4:15కి లేచా, అలారం కంటే నాలుగు నిమిషాల ముందే మెలకువొచ్చింది. బయట ఇంకా చీకటి, డాబా మీదకి వెళ్లి లాభం లేదని హాల్లో లైట్లన్నీ వేసుకున్నా. సోమవారం నుంచి మెట్రో భూమ్మీదకి వచ్చాక కిటికీ పక్కన కూర్చోవాలని ప్లాను.

రాత్రులు ఎలా ఉన్నాయంటే నిన్న 9:05కి పడుకున్నా, పట్టడానికి పావుగంట పట్టిందేమో, అంచనాయే, గడియారం గది బయట పెట్టేశాం కదా. 8:45 ఇంకా రాలేదు. అంటే రేపటికి అరగంట నిద్ర తక్కువే పడుతుంది.

వైర్లక్క
అరగంటకి కంగారు లేదు, ఈ వారంలో అదీ జరుగుతుంది. ఇవాళ కావాలని ఎనిమిదిన్నరకే మంచమెక్కకండి, మళ్లీ మొదటికొస్తుంది. రేపటి గురించి టెన్షన్‌తో నిద్ర కాస్త లేటవుతుంది, అవ్వనివ్వండి.

గట్టిపిండం
మరి ఆదివారం ఏం చేస్తావు బ్రో? అది చెప్పు. మనిషన్నాక ఒక్క రోజు పడుకోడా?

చివరిస్టాపు
అదే అడుగుదామనుకుంటున్నా అక్కా. నాకు శనాదివారాలు సెలవు. రెండు రోజులూ నాలుగింటికే లేవాలా?

వైర్లక్క
ఖచ్చితంగా నాలుగు అక్కర్లేదు, ఐదు, మహా అయితే ఐదున్నర. అంతకు మించి పడుకుంటే శుక్రవారం దాకా జరిపింది రెండు రోజుల్లో వెనక్కి పోతుంది, ఆదివారం రాత్రి పదకొండు దాకా నిద్ర రాదు, సోమవారం నాలుగు నరకంలా ఉంటుంది. వారానికోసారి విమానమెక్కి వేరే దేశం వెళ్లొచ్చినట్టే. నిద్ర బాకీ ఉంటే మధ్యాహ్నం ఒక కునుకుతో తీర్చండి.

రెండుచక్రాలు
అక్క చెప్పింది రైటే, కానీ నా వల్ల కాలేదు. స్నేహితులు కలిసేదే శనివారం రాత్రి తొమ్మిది తర్వాత. నేను శనివారం వదిలేసి, సోమవారం మాత్రం బండి తీయకుండా రైల్లో పోతాను. రాజీ అనుకోండి.

పిల్లలకోడి
మా ఆయన ఆదివారం ఐదింటికి లేస్తాడు. లేచి ఒక్కడే హాల్లో కూర్చుంటాడు. మేం లేచేది ఏడున్నరకి. నాలుగేళ్లయినా ఆ రెండున్నర గంటలు ఏం చేస్తాడో నాకు తెలియదు, అడిగితే ‘ఏం లేదు, ప్రశాంతంగా ఉంటుంది’ అంటాడు. ఆయనకి నచ్చింది గానీ, వారం మొత్తంలో మేమిద్దరం కూర్చుని మాట్లాడుకునేది సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది వరకే. దానికి మాత్రం ఇంకా దారి దొరకలేదు మాకు.

మెట్రోలోమనిషి
పన్నెండు రోజులు అయిపోయాయి కదా, ఇక సాయంత్రం రైల్లో కునుకు సంగతి మాట్లాడుకుందామా?

చివరిస్టాపు
అన్నా, ఎనిమిదింపావు అయింది, లైట్లు తగ్గించేశాం, మా బాబు చీకట్లో కార్టూన్ కోసం ఏడుస్తున్నాడు. తాళాలు, పాస్ బూటులో వేసేశా. మెట్రోలో కూర్చున్నాక రాస్తా, సీటు దొరికితే.